రన్నింగ్ షూస్‌తో వాకింగ్ చేస్తే కాలు ఎందుకు లాగుతుంది? మడమ అంచు చూసి షూ ఎంచుకోవడం

ప్రశ్న: నా వయసు 51. కర్నూలులో మా కాలనీ పార్కులో రోజూ ఉదయం 50 నిమిషాలు స్పీడుగా నడుస్తాను, ఐదు కిలోమీటర్లు అవుతుంది. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఖరీదైన రన్నింగ్ షూస్ తెచ్చాడు. వేసుకుంటే చాలా మెత్తగా ఉన్నాయి. కానీ రెండు వారాలుగా మోకాలి కింద, ముందు ఎముక పక్కన లాగుతోంది. అడుగు వేస్తుంటే టప్ టప్‌మని శబ్దం కూడా వస్తోంది. పాత షూస్‌తో ఇలా లేదు. అలవాటయ్యే దాకా ఓర్చుకోవాలా? వాకింగ్ షూస్ అని నిజంగా వేరే ఉంటాయా, లేక షాపు వాళ్లు చెప్పే మాటేనా? నా సైజు 6.

జవాబు:

ఓర్చుకోవద్దు మేడం. ఆ శబ్దానికి, ఆ లాగుడికి కారణం చాలావరకు ఒకటే అయ్యుంటుంది. షూ మడమ వెనక అంచు. షూస్ నాసిరకం అని కాదు, అవి పరుగు కోసం చేసినవి. కర్నూలులో షూస్ అమ్మే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. మందం సోల్ ఫ్యాషన్ అయినప్పటి నుంచి, పిల్లలు కొనిచ్చిన షూస్ పట్టుకుని ఇదే మాట చెప్పడానికి వచ్చే పెద్దవాళ్లు బాగా పెరిగారు.

ముందు ఒక చిన్న పని చేయండి. కుర్చీలో కూర్చుని, మోకాలి కింద ముందు ఎముకకి బయటి వైపు చెయ్యి ఆనించండి. మడమ నేల మీదే ఉంచి పాదం ముందు భాగాన్ని పైకి ఎత్తండి. చేతి కింద ఒక కండ గట్టిపడుతుంది. మీకు లాగుతున్నది అదే కదా? నడిచేటప్పుడు మనకి మడమ ముందు ఆనుతుంది, వేళ్లు పైకి లేచి ఉంటాయి. అక్కడి నుంచి పాదం మొత్తం నేల మీదకి వాలాలి. బావిలోకి బిందె దించేవాళ్లు తాడుని గుప్పిట్లోంచి కొద్దికొద్దిగా వదిలినట్టు, పాదాన్ని నెమ్మదిగా కిందికి దించే పని ఆ కండది. తాడు చేతిలోంచి జారిపోతే బిందె ధబ్బున పడుతుంది. మీ అడుగు చేసే టప్ శబ్దం అదే.

మెల్లగా నడిచేవాళ్లకి వేళ్లు అంత పైకి లేవవు కాబట్టి ఆ కండకి పెద్ద పని ఉండదు. మీరు 50 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు నడుస్తున్నారు, అంటే గంటకి ఆరు కిలోమీటర్ల వేగం. నిమిషానికి దాదాపు 120 అడుగులు పడుతుంటాయి. మొత్తం ఆరు వేల అడుగులు అనుకుంటే ఒక్కో కాలికి మూడు వేలు. ప్రతి అడుగుకీ ఆ కండ పాదాన్ని పట్టి దించాలి.

ఇప్పుడు మీ కొత్త షూని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. సోల్ మీ మడమ దగ్గర ఆగకుండా ఇంకా వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది, కింద మూల కూడా పదునుగా, దాదాపు చతురస్రంగా ఉంటుంది. నేలని మొదట తాకేది ఆ మూలే. తాకే చోటు చీలమండ నుంచి ఎంత వెనక్కి జరిగితే, పాదాన్ని ముందుకి తోసి పడేసే బలం అంత పెరుగుతుంది. తలుపుని బందు దగ్గర తోయడానికి కష్టపడతాం, హ్యాండిల్ దగ్గరైతే వేలితో తోసేస్తాం, లెక్క అదే. ఆ తోపుని ఆపలేక కండ ముందే అలసిపోతుంది. సోల్ మందంగా కూడా ఉంటే ఆ మూల నేలని ఇంకా తొందరగా అందుకుంటుంది.

మరి రన్నింగ్ షూస్ అలా ఎందుకు చేస్తారంటే, పరుగులో పని వేరు. నడకలో ఎప్పుడూ కనీసం ఒక పాదం నేల మీద ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ కాసేపు రెండు కాళ్లూ గాల్లోనే ఉంటాయి, తర్వాత ఒక కాలి మీద దిగుతాం. ఆ దిగుడులో శరీర బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. స్పీడు నడకలో అయితే ఒకటింపావు, ఒకటిన్నర రెట్లకి మించదు. అందుకే పరుగుకి మడమ కింద ఎక్కువ ఫోమ్ పెడతారు, దిగినప్పుడు పక్కలకి ఒరగకుండా ఆ ఫోమ్‌ని వెడల్పుగా పరుస్తారు. పైగా పరుగెత్తేవాళ్లు మోకాలు వంచి, పాదాన్ని నడకలో కన్నా చదునుగా దించుతారు, కొందరైతే మధ్య పాదం మీదే దిగుతారు. వాళ్లకి వెనక మూల అంతగా అడ్డం రాదు. మనకి వస్తుంది.

వాకింగ్ షూలో, అంటే నిజంగా నడక కోసం చేసిన దానిలో, మడమ వెనక మూల ఉండదు. కిందనుంచి పైకి వాలుగా చెక్కినట్టు ఉంటుంది, పాదం ఆ వాలు మీద దొర్లుతుంది. సోల్ అంత మందం ఉండదు. ముందు వైపు మాత్రం బాగా వంగుతుంది, ఎందుకంటే నడకలో చివరికి వేళ్ల మొదళ్ల దగ్గర పాదాన్ని వంచి నేలని తోస్తాం. పరుగు షూస్ కొన్ని ఈ మధ్య వంగకుండా బిర్రుగా వస్తున్నాయి. లోపల కార్బన్ ప్లేటు ఉన్నవి అయితే దాదాపు వంగవు. అవి రేసుల్లో పరుగెత్తేవాళ్లవి, పార్కులో మనకి డబ్బు దండగ.

కాబట్టి తేడా నిజమే, షాపు వాళ్ల మాట కాదు. కానీ ఇక్కడే ఇంకో మోసం ఉంది. డబ్బా మీద 'వాకింగ్' అని ఉన్నదంతా వాకింగ్ షూ కాదు. మన దగ్గర ఆ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి లేసులు లేని, సాక్సులా తొడుక్కునే స్లిప్ ఆన్‌లు. లోపల మెమరీ ఫోమ్ పొర ఉంటుంది, షాపులో రెండు అడుగులు వేస్తే హాయిగా అనిపిస్తుంది. బజారుకి వెళ్లి రావడానికి సరే. స్పీడుగా నడిస్తే మడమ లోపల పైకీ కిందకీ ఆడుతుంది, అది జారకుండా పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుని నడుస్తారు. అలాగే రన్నింగ్ విభాగంలోనే సోల్ మందం తక్కువగా, మడమ వాలుగా ఉండే సాదా మోడళ్లు ఉంటాయి, అవి నడకకి చక్కగా పనికొస్తాయి. పేరు వదిలేసి ఆకారం చూడండి.

ఎలా చూడాలంటే, షూని కౌంటర్ మీద పెట్టి మడమ వెనక కింద ఒక పెన్సిల్ అడ్డంగా దూర్చి చూడండి. వాలు బాగా ఉంటే పెన్సిల్ ఆ సందులోకి తేలికగా వెళ్తుంది. మూల పదునుగా ఉంటే వెళ్లదు. తర్వాత మడమ ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టుకుని వంచండి. మీ వేళ్లు వంగే చోటే షూ కూడా వంగాలి. మధ్యలో, అరికాలి వంపు దగ్గర మడత పడితే పక్కన పెట్టేయండి, దానిలో పాదానికి ఆసరా ఉండదు. ఆఖరిగా మడమ వెనక గోడని బొటనవేలితో నొక్కండి. కొద్దిగా ఎదురు తిరగాలి. కాగితంలా నలిగిపోతే మడమ నిలవదు. ఈ మూడింటికి రెండు నిమిషాలు చాలు. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తే చూడనివ్వండి.

మీలాంటి కేసు ఒకటి చెప్తాను. రిటైరైన టీచర్ ఒకాయన, మీ వేగంతోనే నడిచేవారు, మీకు లాగుతున్న చోటే ఆయనకీ లాగేది. ఆయన వేసుకొచ్చిన షూని స్కేలుతో కొలిచాం. బయటనుంచి మడమ దగ్గర సోల్ నాలుగు సెంటీమీటర్లకి పైనే ఉంది, వేళ్ల దగ్గర మూడు. (బయటి అంచు పాదాన్ని గిన్నెలా పట్టుకునేలా పైకి ఉంటుంది కాబట్టి లోపల నిజమైన మందం కొంచెం తక్కువే ఉంటుంది.) మడమ ఎత్తుకీ ముందు ఎత్తుకీ ఉన్న తేడాని ఈ రంగంలో డ్రాప్ అంటారు. పాత పద్ధతి రన్నింగ్ షూస్‌లో ఇది 8 నుంచి 12 మిల్లీమీటర్ల వరకు ఉండటం మామూలే. షాపులో నున్నటి నేల మీద ఆయన్ని తన మామూలు వేగంతో అటూ ఇటూ నడవమన్నాను. టప్ టప్ స్పష్టంగా వినిపించింది. తర్వాత మడమ వాలుగా, ఎత్తు బాగా తక్కువగా ఉన్న జత ఇచ్చి మళ్లీ నడిపించాను. శబ్దం దాదాపు పోయింది. తేడా తెలియడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. అందుకే కొనేముందు షాపులో మెల్లగా కాదు, పార్కులో నడిచినట్టే నడవాలి.

అయితే ఆయన కథ అక్కడితో అయిపోలేదు. కొత్త జతతో మర్నాటి నుంచే పూర్తి దూరం నడిచారు. ముందు కండ లాగడం తగ్గింది కానీ వెనక పిక్క పట్టేసింది. ఎందుకంటే ఎత్తు మడమకి అలవాటు పడిన పిక్క కండ, మడమ కిందికి దిగగానే రోజూ ఇంకొంచెం సాగాల్సి వచ్చింది. యాభై దాటాక ఆ సాగుడు మెల్లగానే కుదురుతుంది. మొదటి వారం కొత్త షూస్‌తో పదిహేను, ఇరవై నిమిషాలు నడిచి మిగతాది పాత జతతో పూర్తి చేయమన్నాను. మూడో వారానికి పూర్తిగా మారారు. మీరు కూడా ఒక్కసారిగా మారొద్దు. మడమ వెనక నరం దగ్గర ఇంతకు ముందే నొప్పి ఉన్నవాళ్లు మరీ తక్కువ డ్రాప్ జోలికి వెళ్లకపోవడమే మంచిది, వాళ్లకి కొంచెం ఎత్తు మడమే హాయి.

మన పార్కుల దారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్ద షూ కంపెనీలు ఎక్కువగా తారు రోడ్డునో, ట్రాక్‌నో దృష్టిలో పెట్టుకుని చేస్తాయి. మనకేమో ఒకే పార్కులో మూడు రకాల నేల ఉంటుంది. కొంత దూరం సిమెంటు ఇటుకల బాట, కొంత మట్టి, గేటు దగ్గరో మెట్ల దగ్గరో కడప బండలు, బేతంచెర్ల బండలు. పొద్దున్నే మాలి పైపుతో మొక్కలకి నీళ్లు పెట్టి ఉంటాడు, చలికాలంలో మంచు పడి ఉంటుంది. తడిసిన నున్నటి బండ మీద ఫోమ్ సోల్ జారుతుంది. తేలిక కోసం, ధర తగ్గించడం కోసం చాలా షూస్‌కి కింద రబ్బరు వేయరు, మెత్తటి ఫోమ్‌నే నేలకి ఆనేలా వదిలేస్తారు. సోల్ కింద గోరుతో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉంటే ఫోమ్, వెంటనే తేరుకుంటే రబ్బరు. మొత్తం రబ్బరు అక్కర్లేదు. మడమ వెనక బయటి అంచున, ముందు బొటనవేలి కింద రబ్బరు ముక్కలు ఉంటే చాలు, ఎక్కువ అరిగేది, జారేది అక్కడే.

అలాగని కొండలెక్కే షూస్‌లా లోతైన పళ్లున్న సోల్ కొనొద్దు. ఇటుకలు అక్కడక్కడా లేచి ఉంటాయి, ఆ అంచుకి పళ్లు తగులుకుంటాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో పార్కులో పడ్డాం అన్నవాళ్లు ఎక్కువగా చెప్పేది జారడం గురించి కాదు, కాలు తట్టుకోవడం గురించే. షూ ముందు కొస కొద్దిగా పైకి లేచి ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మట్టి బాట ఎక్కువగా ఉన్నవాళ్లకి సన్నటి లోతు గాళ్లున్న సోల్ కూడా వద్దు, గులకరాళ్లు ఇరుక్కుని ఇంటి గచ్చు మీద గీతలు పడతాయి. ఇంట్లో తిట్లు ఎవరికి పడతాయో నేను చెప్పక్కర్లేదు.

మీ సైజు 6 అన్నారు. ఎప్పుడు కొలిపించుకున్నారో గుర్తు చేసుకోండి. వయసుతో పాటు అరికాలి వంపు కొంచెం దిగి పాదం పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి. పెళ్లినాటి సైజునే ఇప్పటికీ అడిగేవాళ్లు రోజూ కనిపిస్తారు. సాయంత్రం షాపుకి వెళ్లండి, పొద్దుటికన్నా పాదం అప్పుడు కొంచెం ఉబ్బి ఉంటుంది, నడకలోనూ అలాగే ఉబ్బుతుంది. వాకింగ్‌కి వేసుకునే సాక్సులే వేసుకెళ్లండి. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం పక్కలకి ఇన్‌సోల్ దాటి పోతుంటే ఆ షూ మీకు ఇరుకు, తోలు సాగుతుందిలే అన్న మాట నమ్మొద్దు, ఇప్పటి షూస్ పైభాగం చాలావరకు తోలు కాదు. ముందు వైపు పొడవైన వేలి కొస దాటి చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడవు, వాళ్లు దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేది తీసుకోండి.

లేడీస్ మోడళ్లు చాలావరకు సన్నగా వస్తాయి. వేళ్ల దగ్గర బిగుతుగా ఉంటే మొహమాటపడకుండా జెంట్స్ 6 కూడా వేసి చూడండి. మన దగ్గర వాడే యూకే నంబర్లలో ఆడ, మగ సైజుల పొడవు సాధారణంగా ఒకటే, మగవాళ్ల మోడల్ వెడల్పుగా ఉంటుంది. రంగు తప్ప తేడా ఎవరికీ తెలియదు. వెడల్పు సరిపోయి మడమ మాత్రం వదులైతే సైజు తగ్గించకండి. పైన చివర ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది చూడండి, లేసుని అదే వైపు ఆ రంధ్రంలో దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, రెండో వైపు లేసుని ఆ ఉచ్చులోంచి లాగి ముడేస్తే మడమ కదలకుండా కూర్చుంటుంది.

ఒక జత ఎన్నాళ్లు వస్తుందంటే, ఐదు కిలోమీటర్ల చొప్పున నెలకి పాతిక రోజులు నడిస్తే 125 కిలోమీటర్లు. లోపలి ఫోమ్ సుమారు 600 నుంచి 800 కిలోమీటర్ల దాకా దమ్ము నిలుపుకుంటుంది, అంటే అయిదారు నెలలు. బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఇంకొంత ఎక్కువ. పైన కొత్తగా కనిపించినా పక్కన ఫోమ్ మీద అడ్డంగా ముడతలు పడ్డాయంటే అది కూర్చుండిపోయినట్టే. వెనకనుంచి చూస్తే మడమ ఒక పక్కకి ఒరిగి కనిపించినా అంతే. మన ఎండలు దీన్ని ఇంకా తొందర చేస్తాయి. మే నెలలో కారు డిక్కీలో షూస్ వదిలేస్తే జిగురు ఊడుతుంది. తడిస్తే డాబా మీద ఎండబెట్టొద్దు, లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి.

కొనేటప్పుడు డబ్బా మీద ఎంఆర్‌పీ చీటీలో తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. సగం ధర ఆఫర్లలో పాత సరుకు వస్తుంటుంది. పీయూ అనే రకం ఫోమ్ సోల్ అయితే వాడకుండా పెట్టినా గాలిలో తేమకి కొన్నేళ్లకి లోపలే చివికిపోతుంది, వేసుకున్న మొదటి వారంలోనే పొడిపొడిగా రాలుతుంది. బీరువాలో దాచుకున్న మంచి షూస్‌కి కూడా ఇదే గతి.

ఇక మీ కాలి సంగతి. మీ పాత షూస్ ఇంకా ఉన్నాయనే అనుకుంటున్నాను. ఒక వారం వాటితోనే, కొంచెం నెమ్మదిగా, అడుగు పొడవు తగ్గించి నడవండి. లాగుడు తగ్గితే తప్పు చాలావరకు షూదే అనుకోవచ్చు. తగ్గకపోయినా, ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే గుచ్చినట్టు నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, ఒక పిక్క వాచినా షూస్ మార్చుతూ కూర్చోకుండా ఎముకల డాక్టరుకి చూపించుకోండి. షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినట్టు అనిపిస్తుంటే షాపుకి వెళ్లే ముందే డాక్టరుతో మాట్లాడండి, మీకు షూ బిగుతు తెలియకపోవచ్చు. వేసుకునే ముందు ప్రతిసారీ షూ తిరగేసి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి.

అబ్బాయి తెచ్చిన జతని పారేయక్కర్లేదు. ఎక్కువ సేపు నిలబడే పనులకి, పెళ్లిళ్లకి, ప్రయాణాలకి ఆ మెత్తదనం బాగుంటుంది. మెల్లగా నడిచేటప్పుడూ ఇబ్బంది ఉండదు. షాపుకి వెళ్లేటప్పుడు మాత్రం మీ పాత జతని తప్పకుండా సంచీలో వేసుకెళ్లండి. సోల్ ఎక్కడ అరిగిందో చూస్తే మీ నడక గురించి మీరు చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. మడమ వెనక బయటి మూల కొద్దిగా అరగడం అందరికీ ఉంటుంది. లోపలి వైపు ఎక్కువగా అరిగి ఉంటే మాత్రం షూ లోపలి అంచు కాస్త గట్టిగా ఉన్న మోడల్ చూపించమని అడగండి.